అంగడి మూసేశాక జీఎస్టీ రద్దు కోరే ఉత్తరం: తేదీ దగ్గర, సరుకు దగ్గర వచ్చే చిక్కు

తిరుపతిలో ఒక స్టీలు పాత్రల అంగడి పెద్దాయన 2026 జనవరి 31న షట్టర్ దించేశారు. మోకాళ్ల నొప్పులు, బెంగుళూరులో ఉన్న కొడుకు రమ్మంటున్నాడు, అంగడి అద్దె పెరిగింది. మూడు వారాల తర్వాత ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అంగడి లెటర్‌హెడ్ మీద చేత్తో రాసిన ఉత్తరం, కింద సంతకం, రబ్బరు స్టాంపు. "ఇది ఆఫీసులో ఇచ్చేసి రసీదు తీసుకుంటే అయిపోతుంది గదప్పా?" అన్నారు.

ఉత్తరంలో నాలుగు సంగతులు ఉన్నాయి. జనవరి 31న వ్యాపారం ఆపేశాను కాబట్టి ఆ తేదీ నుంచే నా రిజిస్ట్రేషన్ రద్దు చేయండి. నా దగ్గర సరుకు ఏమీ లేదు. నా మీద బాకీలు లేవు. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను తాలూకు క్రెడిట్‌లో మిగిలిన 38,200 రూపాయలు నా బ్యాంకు ఖాతాకు వేయండి. చదివితే ఒక్క మాటా తప్పుగా కనబడదు, అంత మర్యాదగా, సూటిగా ఉంది. కానీ ఆ నాలుగింటిలో మూడు చట్టానికి కుదరవు, బాకీలు లేవన్న మాట కూడా చూడకుండా చెప్పలేం. మన చిత్తూరు, తిరుపతి వైపు అంగళ్లు మూసేసేవాళ్లు దాదాపు ఇలాగే రాస్తుంటారు కాబట్టి ఒక్కొక్కటీ విప్పి చెబుతాను.

ముందు ఉత్తరం విషయం. కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చినంత మాత్రాన రిజిస్ట్రేషన్ రద్దు కాదు. జీఎస్టీ చట్టం 29వ సెక్షన్ కింద అడగాలి, అడిగే ఫారం పేరు REG-16, అది జీఎస్టీ పోర్టల్లోనే వేయాలి. లాగిన్ అయ్యాక Services > Registration > Application for Cancellation of Registration అని ఉంటుంది. కారణం దగ్గర వ్యాపారం మూసివేత అని ఎంచుకోవాలి, రద్దు ఏ తేదీ నుంచి కావాలో ఇవ్వాలి, ఇక మీదట ఉత్తరప్రత్యుత్తరాలకు చిరునామా ఇవ్వాలి, మిగిలిన సరుకు విలువ, దాని మీద పన్ను రాయాలి. చివర్లో ఓటీపీతో గానీ డిజిటల్ సంతకంతో గానీ పంపితే ఏఆర్ఎన్ అనే దరఖాస్తు రసీదు నంబరు వస్తుంది. ఆ నంబరు వచ్చిన రోజే మనం అడిగిన రోజు. మూసేసిన 30 రోజుల్లోపు ఇది వేయాలని రూలు, అంటే ఈయనకు మార్చి 2 దాకా గడువు ఉంది. మా దగ్గరికి వచ్చింది ఫిబ్రవరి 20న, కాబట్టి కొంప మునిగిపోలేదు.

మరి ఉత్తరం దండగా అంటే, కాదు. REG-16లో గళ్లు ఉంటాయి గానీ వివరం చెప్పుకునే చోటు తక్కువ. ఎందుకు మూశాం, సరుకు లెక్క ఎలా వేశాం అనేది రాసి, స్కాన్ చేసి ఫారంతో పాటు జతచేస్తే చూసే అధికారికి సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి. అందుకే ఉత్తరాన్ని చించెయ్యకుండా మార్చి రాయించాను.

ఇప్పుడు తేదీ. జనవరి 31న మూసేశాడు కాబట్టి ఆ తేదీ నుంచే రద్దు అనుకోవడం సహజం. కానీ 2018 అక్టోబర్ 26న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 69వ నంబరు సర్క్యులర్, వ్యాపారి అడిగిన తేదీనే రద్దు తేదీగా ఇవ్వమని అధికారులకు చెబుతూనే, అది దరఖాస్తు చేసిన తేదీ కంటే ముందు ఉండకూడదని కూడా చెప్పింది. అంటే ఫిబ్రవరి 20న దరఖాస్తు వేస్తే రద్దు ఫిబ్రవరి 20 నుంచే. మూసినా మూయకపోయినా ఫిబ్రవరి 1 నుంచి 19 దాకా ఆయన రిజిస్టర్డ్ వ్యాపారే, ఆ రోజులకు అమ్మకం లేకపోయినా రిటర్ను వేయాలి. జనవరి రిటర్నులు అప్పటికే వేసి ఉన్నాయి. ఫిబ్రవరికి సున్నా రిటర్ను వేయడానికి పది నిమిషాలు పట్టదు, కానీ అది వేయాలని తెలియక వదిలేస్తే రోజుకు 20 రూపాయల లెక్కన లేట్ ఫీజు పడుతుంది.

దరఖాస్తు వేసిన రోజు నుంచి, లేదా రద్దు అడిగిన తేదీ ఇంకా తర్వాతదైతే ఆ తేదీ నుంచి, రిజిస్ట్రేషన్ సస్పెన్షన్‌లోకి వెళుతుంది. సస్పెన్షన్ అంటే చాలామంది భయపడతారు, ఏదో శిక్ష అని. ఇక్కడ అది మన మేలుకే. ఆ కాలానికి నెలవారీ రిటర్నులు వేయనక్కర్లేదు. బదులుగా పన్ను వేసి అమ్మకాలు చేయకూడదు. ఆర్డర్ రావడానికి నెల పట్టినా ఆ నెల రిటర్ను గోల ఉండదు.

తేదీకి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే సరుకు లెక్క దాని మీదే ఆధారపడి ఉంటుంది. రద్దు తేదీకి ముందు రోజు సాయంత్రానికి మన దగ్గర ఏం మిగిలి ఉందో దాని మీద పన్ను తిరిగి కట్టాలి. అసలు చిక్కంతా ఇక్కడే.

"సరుకు లేదు" అని పెద్దాయన రాసింది అబద్ధం చెప్పాలని కాదు. అంగడిలో లేదు, అది నిజమే. గిన్నెలు, బిందెలు, ఇడ్లీ పాత్రలు గోతాల్లో కట్టి ఇంటి వెనక గదిలో పెట్టారు, పెళ్లిళ్ల సీజన్లో తెలిసినవాళ్లకు ఇచ్చేద్దామని. ఆయన మనసులో వ్యాపారం అయిపోయింది, కాబట్టి అది సరుకు కాదు, ఇంట్లో సామాను. చట్టం అలా చూడదు. ఆ గిన్నెలు కొన్నప్పుడు కట్టిన పన్నును క్రెడిట్‌గా తీసుకున్నాం. అమ్మి, అమ్మకం మీద పన్ను కడతామనే లెక్కన ఇచ్చిన క్రెడిట్ అది. అమ్మకుండానే వ్యాపారం ఆపేస్తే ఆ క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. 29వ సెక్షన్ ఐదో ఉపవిభాగం చెప్పేది ఇదే: మిగిలిన సరుకు మీద తీసుకున్న క్రెడిట్ గానీ, ఆ సరుకును ఇవాళ అమ్మితే పడే పన్ను గానీ, రెండిట్లో ఏది ఎక్కువైతే అది.

సున్నా అని రాస్తే ఎలా తెలుస్తుందిలే అనుకోకండి, అధికారి టేబుల్ ముందు కూర్చునే లెక్క కట్టగలడు. ఈయనదే చూడండి. ఆదాయపు పన్ను రిటర్నులో 2025 మార్చి 31కి చూపించిన సరుకు 5,60,000 రూపాయలు. ఏప్రిల్ నుంచి జనవరి దాకా కొన్నది, పోర్టల్లో సరఫరాదారుల బిల్లుల ప్రకారం, 4,10,000. అమ్మినది 6,90,000, అందులో లాభం తీసేస్తే అసలు 5,70,000 దాకా. కాబట్టి నాలుగు లక్షల సరుకు ఎక్కడో ఉండాలి. సున్నా అని కనబడగానే REG-03 అనే నోటీసు రావచ్చు, ఏడు పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోయినా, ఇచ్చింది నమ్మకంగా లేకపోయినా దరఖాస్తు తిరస్కరించొచ్చు.

మేం గోతాలు విప్పి లెక్క పెట్టాం. ఆయన, ఆయన చెల్లెలి కొడుకు, నేను, ఆయన వచ్చిన రోజే. సరిగ్గా నాలుగు లక్షల దగ్గరే తేలింది. కానీ దాన్ని రెండు కుప్పలు చేయాల్సి వచ్చింది. ఎందుకంటే స్టీలు వంటపాత్రల మీద పన్ను 2025 సెప్టెంబర్ 22న 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు ముందు కొన్న సరుకు 3,00,000 రూపాయలది, దాని మీద తీసుకున్న క్రెడిట్ 36,000. తర్వాత కొన్నది 1,00,000, దాని మీద క్రెడిట్ 5,000.

"ఇప్పుడు 5 శాతమే కదా, అంతా అదే లెక్కన కట్టేస్తాం" అన్నారు. కాదు. మొదటి కుప్పను ఇవాళ 3,50,000కి అమ్మొచ్చు అనుకుందాం, దాని మీద 5 శాతం అంటే 17,500. తీసుకున్న క్రెడిట్ 36,000. ఎక్కువ ఏదో అది కట్టాలి కాబట్టి 36,000. రెండో కుప్పను 1,20,000కి అమ్మొచ్చు, పన్ను 6,000, క్రెడిట్ 5,000, ఎక్కువది 6,000. ఒకే గదిలో, ఒకే రకం గిన్నెలు, కొన్న తేదీని బట్టి ఒకదానికి క్రెడిట్ లెక్క, ఒకదానికి అమ్మకం లెక్క. పన్ను రేటు తగ్గిన సరుకు ఏది మిగిలినా ఇదే జరుగుతుంది, పాత్రలకు మాత్రమే కాదు.

ఇంకొకటి మర్చిపోతారు, అంగడిలో కంప్యూటరు, బిల్లు ప్రింటరు. వాటి మీద కూడా క్రెడిట్ తీసుకుని ఉంటే లెక్కలోకి వస్తాయి. ఈయన 2022 జూన్ 10న 60,000 పెట్టి కొన్నారు, 18 శాతం చొప్పున క్రెడిట్ 10,800. ఇలాంటి సామానుకు చట్టం ఐదేళ్ల ఆయుష్షు పెట్టింది, అంటే 60 నెలలు. 2026 ఫిబ్రవరి 19కి మూడేళ్ల ఎనిమిది నెలల చిల్లర వాడారు. మిగిలింది 15 నెలల పైన కొన్ని రోజులు, ఆ రోజులు వదిలేసి 15 నెలలు తీసుకోవాలి. 10,800లో 60కి 15 వంతులు, 2,700. ఇప్పుడు పాతదిగా పదివేలకు అమ్మితే పన్ను 1,800. ఎక్కువది 2,700.

మొత్తం 36,000, 6,000, 2,700 కలిపితే 44,700. పెద్దాయన ముఖం చూడలేకపోయాను. తనకు 38,200 వస్తుందని వచ్చిన మనిషి ఆయన.

ఇక్కడే నాలుగో మాట సంగతి చెప్పాలి. క్రెడిట్ లెడ్జర్‌లో మిగిలినది బ్యాంకుకు వేయమంటే వేయరు. ఆ క్రెడిట్‌ను డబ్బుగా వెనక్కి ఇచ్చే సందర్భాలు 54వ సెక్షన్ మూడో ఉపవిభాగంలో రెండే ఉన్నాయి, ఒకటి ఎగుమతుల లాంటి సున్నా రేటు అమ్మకాలు, రెండోది అమ్మకం మీద పన్ను కంటే కొనుగోలు ముడిసరుకు మీద పన్ను రేటు ఎక్కువ ఉండటం. వ్యాపారం మూయడం అందులో లేదు. కానీ ఆ క్రెడిట్‌ను మిగిలిన సరుకు మీద పన్ను కట్టడానికి వాడుకోవచ్చు. కాబట్టి 44,700లో 38,200 క్రెడిట్ నుంచే పోయింది, చేతి నుంచి కట్టాల్సింది 6,500 మాత్రం. చెన్నై నుంచి తెచ్చిన సరుకు బిల్లుల్లో రాష్ట్రం దాటిన సరుకు మీద పడే ఐజీఎస్టీ, ఇక్కడే కొన్నవాటిలో కేంద్ర, రాష్ట్ర పన్నులు విడివిడిగా ఉంటాయి కాబట్టి లెక్క కూడా విడివిడిగా చూపాలి. క్యాష్ లెడ్జర్‌లో మనం చలానా కట్టి మిగిల్చిన డబ్బుంటే మాత్రం అది మన డబ్బే, RFD-01 వేసి వెనక్కి అడగొచ్చు. ఈ రెండు లెడ్జర్ల తేడా తెలియకే చాలామంది ఆశ పెట్టుకుంటారు.

నాకు బాధ కలిగించింది ఏమిటంటే, ఆయన రెండు నెలల ముందు అడిగి ఉంటే ఈ 6,500 కూడా పోయేది కాదు. రిజిస్ట్రేషన్ బతికి ఉండగానే పాత సరుకును డిస్కౌంటులో, కొన్న ధరకే, మూడు లక్షలకు అమ్మేసి ఉంటే దాని మీద పన్ను 15,000, అదీ కొన్నవాళ్ల నుంచి వసూలయ్యేదే. 36,000 వెనక్కి ఇవ్వాల్సిన అవసరం ఉండేది కాదు, ఎందుకంటే ఆ సరుకు మిగలలేదు, అమ్ముడైంది. మిగతా 8,700 కలిపినా 23,700, ఉన్న క్రెడిట్‌లోనే సరిపోయేది. అప్పుడు కూడా 14,500 క్రెడిట్ వృథా అవుతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ చేతి డబ్బు కదలదు, గోతాలు ఇంట్లో ఉండవు. మూసేయాలని అనుకున్నప్పుడు ముందు సరుకు, తర్వాత షట్టరు, ఆ తర్వాత దరఖాస్తు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

పాత బిల్లులు దొరక్కపోతే ఏం చేయాలని అడుగుతుంటారు. అప్పుడు రద్దు తేదీ నాటి మార్కెట్ ధరను బట్టి అంచనా వేయొచ్చు, కానీ ఆ అంచనాను ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంటు గానీ కాస్ట్ అకౌంటెంటు గానీ ధ్రువీకరించాలి. దానికయ్యే ఖర్చు కంటే హోల్‌సేల్ అంగడికి ఫోన్ చేసి బిల్లు కాపీలు తెప్పించుకోవడం మేలు.

అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి చాలావరకు లేదు. వాళ్లు క్రెడిట్ తీసుకోరు, కాబట్టి వెనక్కి ఇచ్చేదీ ఉండదు.

మార్చి రాసిన ఉత్తరం ఇది. ఎవరికైనా పనికొస్తుందని పెడుతున్నాను. మీ సర్కిల్ పేరు, మీరు కేంద్రం కిందికి వస్తారా రాష్ట్రం కిందికి వస్తారా అనేది మీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉంటుంది, అది చూసి పైన రాసుకోండి.

"అయ్యా, పై జీఎస్టీ నంబరుతో తిరుపతిలో స్టీలు పాత్రల చిల్లర వ్యాపారం చేస్తున్నాను. అనారోగ్యం వల్ల 31-01-2026న వ్యాపారం పూర్తిగా ఆపేశాను, అంగడి ఖాళీ చేసి యజమానికి అప్పగించాను. వ్యాపారాన్ని ఎవరికీ అమ్మలేదు, బదిలీ చేయలేదు. 20-02-2026 నుంచి నా రిజిస్ట్రేషన్ రద్దు చేయవలసిందిగా కోరుతున్నాను. జనవరి వరకు రిటర్నులన్నీ దాఖలు చేశాను, ఫిబ్రవరి రిటర్ను గడువులోపు దాఖలు చేస్తాను. 19-02-2026 నాటికి నా దగ్గర మిగిలిన సరుకు కొనుగోలు విలువ 4,00,000 రూపాయలు, అది నా ఇంటి వద్ద ఉంది. దాని మీదా, కంప్యూటరు, ప్రింటరు మీదా చట్టప్రకారం చెల్లించవలసినది 44,700 రూపాయలు. బిల్లుల వారీ లెక్క జతచేశాను. ఇందులో 38,200 క్రెడిట్ లెడ్జర్ నుంచి, 6,500 నగదుగా చివరి రిటర్నుతో చెల్లిస్తాను. నా మీద పెండింగ్‌లో నోటీసులు, డిమాండ్లు లేవు. ఇకపై ఉత్తరప్రత్యుత్తరాలకు నా ఇంటి చిరునామా, ఫోను నంబరు కింద ఇచ్చాను."

"వ్యాపారాన్ని ఎవరికీ అమ్మలేదు" అనే వాక్యం కావాలనే పెట్టాను. ఇందాకటి సర్క్యులర్ ప్రకారం దరఖాస్తును ఆపడానికి కారణాలు రెండే: అది అసంపూర్తిగా ఉండటం, లేదా వ్యాపారం ఇంకొకరికి పోయినప్పుడు ఆ కొత్తవాళ్లు రిజిస్ట్రేషన్ తీసుకోకపోవడం. రెండో అనుమానం ఒక్క వాక్యంతో తీరుతుంది. "బాకీలు లేవు" అనే మాటను కూడా పోర్టల్లో నోటీసులు, డిమాండ్ లెడ్జర్ రెండూ తెరిచి చూశాకే ఉంచాను. పాత నోటీసు ఒకటి అక్కడ పడి ఉండి, మనం లేదని రాస్తే మిగతా లెక్క మీద కూడా నమ్మకం పోతుంది. పైగా రద్దు అయినంత మాత్రాన పాత బాకీ పోదు, రద్దుకు ముందు కాలానిది ఎప్పుడు తేలినా కట్టాల్సిందే. "చివరి రిటర్నుతో చెల్లిస్తాను" అనడానికీ ఆధారం అదే సర్క్యులర్, ముందే డబ్బు కడితేనే దరఖాస్తు తీసుకుంటామని అనకూడదని అందులో ఉంది.

కొంతమంది ఇదంతా ఎందుకు, రిటర్నులు ఆపేస్తే వాళ్లే రద్దు చేస్తారులే అంటారు. చేస్తారు, నిజమే. నెలనెలా వేసేవాళ్లు వరుసగా ఆరు నెలలు ఆపితే నోటీసు ఇచ్చి రద్దు చేయొచ్చు. కానీ అలా చేసేటప్పుడు వెనకటి తేదీ నుంచి కూడా రద్దు చేసే అధికారం వాళ్లకు ఉంది, ఆ మధ్యలో మన దగ్గర కొన్నవాళ్ల క్రెడిట్ చిక్కులో పడుతుంది. ఆపేసిన రిటర్నులకు లేట్ ఫీజు అలాగే ఉంటుంది. రేపు కొడుకో కోడలో కాదు, మీరే అదే పాన్ మీద ఇంకో వ్యాపారం మొదలుపెట్టాలంటే కొత్త దరఖాస్తు దగ్గర ఆ పాత రద్దు అడ్డం వస్తుంది. మరోవైపు, మనమే అడిగి రద్దు చేయించుకున్నదాన్ని మళ్లీ పునరుద్ధరించమని అడిగే వీలు లేదు, ఆ వీలు అధికారి తనంతట తాను రద్దు చేసిన వాటికే. మనసు మారితే కొత్త నంబరు తీసుకోవాల్సిందే.

పెద్దాయనకు మార్చి 12న REG-19 ఆర్డర్ వచ్చింది, రద్దు ఫిబ్రవరి 20 నుంచి. అక్కడితో అయిపోయిందని ఆయన సంతోషపడ్డారు, నేనే ఆపాను. ఆర్డర్ వచ్చాక GSTR-10 అనే చివరి రిటర్ను వేయాలి. రద్దు తేదీ, ఆర్డర్ తేదీ, రెండిట్లో ఏది తర్వాతదైతే దాని నుంచి మూడు నెలలు, అంటే ఈయనకు జూన్ 12 దాకా. సరుకు లెక్క మళ్లీ అందులో చూపించి, 38,200, 6,500 అక్కడే కట్టాలి. వేయకపోతే రోజుకు 200 రూపాయలు, పదివేల దాకా పెరుగుతుంది, ఆపైన నోటీసు, దానికీ పలక్కపోతే అధికారే పన్ను తేల్చేస్తాడు. రద్దు అయిపోయిందని అంగడి ఫోను సిమ్ము తీసేసినవాళ్లు ఈ నోటీసు చూసుకోరు, ఓటీపీ రాక రిటర్నూ వేసుకోలేరు. అందుకే ఆ సిమ్ము ఆయన పాత ఫోనులో అలాగే ఉంచమన్నాను.

ఆ గోతాల్లోని గిన్నెల మీద పన్ను కట్టేశాం కాబట్టి ఇప్పుడు ఆయన వాటిని తెలిసినవాళ్లకు అమ్ముకోవచ్చు, బిల్లు మీద జీఎస్టీ అని వసూలు చేయకుండా, రాష్ట్రం లోపలే. చెన్నైలో బంధువు అంగడికి పంపుతానంటే వద్దన్నాను, రాష్ట్రం దాటించి సరుకు అమ్మాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. బిల్లు పుస్తకాలు, కొనుగోలు బిల్లులు మాత్రం ఒక ట్రంకు పెట్టెలో పెట్టి పైన "2032 డిసెంబర్ 31 దాకా" అని రాశాం. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి, 2025-26 సంవత్సరానికి అది అక్కడిదాకా వస్తుంది.